నస్రీన్ మేడమ్ టైప్ చెయ్యని కోలన్

మా ఆసుపత్రిలో సర్వర్లుండే గదిలోకి వెళ్లాలంటే ఇప్పటికీ చెప్పులు బయట విడవాలి. ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు, అయినా అందరం పాటిస్తాం. మొన్న ఎండాకాలం మధ్యాహ్నం, రోడ్డు మీద తారు కరుగుతున్న వేళ, ఆ గదిలో అడుగు పెట్టగానే చల్లటి గచ్చు అరికాళ్లకు తగిలింది. దానికి తోడు ఏసీ గాలిలో కలిసిన ప్లాస్టిక్ వాసన, గుమ్మం దగ్గర చెప్పుల వాసన. నేను వెళ్లింది ఏదో కేబుల్ చూడటానికి. చూడకుండా అలాగే నిలబడిపోయాను. పక్కనున్న కుర్రాడు "ఏంటి సార్, షాక్ కొట్టిందా?" అని అడిగాడు. లేదని చెప్పాను గాని, చిన్న షాకే. ఎందుకంటే ఆ చల్లదనం నాకు ఒక్క మనిషినే గుర్తు చేస్తుంది. ఆవిడ నస్రీన్ మేడమ్.

తొంభైల చివర్లో మా ఇంజనీరింగ్ కాలేజీ విజయవాడ నుంచి గన్నవరం వెళ్లే దారిలో, పొలాల మధ్య ఉండేది. వరి కోసిన రోజుల్లో గడ్డి నలుసులు క్లాసుల్లోకి ఎగిరొచ్చేవి, ఏసీ వేసి, చెప్పులు బయటే విడిపించే కంప్యూటర్ ల్యాబ్‌లోకి మాత్రం రావడానికి వీల్లేదు. ఆ ల్యాబ్‌కి నస్రీన్ మేడమ్ ఇన్‌చార్జి. వన్‌టౌన్‌లో వాళ్ల నాన్నగారికి గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. అందుకేనేమో, దేన్నీ విసురుగా పట్టుకునేవారు కాదు. నూలు చీర, భుజం మీదుగా నిండుగా కప్పుకున్న కొంగు, ముక్కు మీదికి జారే కళ్లజోడు. గొంతు ఎప్పుడూ పెంచగా వినలేదు. పెంచే అవసరం లేదు కూడా, మాకు ఆవిడంటే ఉత్తినే భయం.

ఆవిడకి రెండు పట్టుదలలు ఉండేవి. ఒకటి, విద్యార్థి కీబోర్డు మీద చెయ్యి వెయ్యరు. మిగతా లెక్చరర్లు "జరుగు జరుగు" అంటూ మమ్మల్ని కుర్చీలోంచి లేపేసి, వాళ్లే టకటకా కొట్టి, "అంతే, చూశావా" అని వెళ్లిపోయేవారు. మేం ఏమీ చూసేవాళ్లం కాదు. రెండోది మరీ చిరాకు తెప్పించేది. ఎంటర్ కొట్టబోతుంటే వెనక నిలబడి ఆపేవారు.

"ఆగవయ్యా. కొడితే ఏమొస్తుందో ముందు చెప్పు."

"ఏమొస్తుందో చూద్దామనే కదా మేడమ్ కొడుతున్నాను."

"అది చూడటం కాదు, పందెం వెయ్యడం. చెప్పి కొట్టు."

ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. వచ్చేది ఇంకొకటి. అప్పుడు నేను అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడా ఎక్కడుందో వెతకమనేవారు. వెతుకుతున్నంతసేపూ అక్కడే నిలబడేవారు. ఒక్క అక్షరం కూడా అందించేవారు కాదు. రంజాన్ నెలలో ఆవిడ ఉపవాసం ఉంటారు కదా, ల్యాబ్ త్వరగా వదిలేస్తారని ఆశపడ్డాం. ఆ నెలలో ఇంకా ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకసారి ఒళ్లు మండి, ఈ కంప్యూటర్‌లోనే ఏదో తేడా ఉందన్నాను. "కంప్యూటర్‌కి నీ మీద కోపమేం లేదు శేషగిరీ. నువ్వు చెప్పింది చేసింది. నువ్వేం చెప్పావో నీకే తెలీదు," అన్నారు. అందరూ నన్ను శేషు అనేవారు, ఆవిడ ఒక్కరే పూర్తి పేరు పెట్టి పిలిచేవారు. నిజం చెప్పాలంటే, రెండేళ్లు ఆవిడంటే నాకు అస్సలు పడలేదు.

మూడో సంవత్సరంలో సి అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ పరీక్షకు ప్రతి ఒక్కరూ ఒక చిన్న ప్రాజెక్టు చెయ్యాలన్నారు. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు, ఆయన ముందు ప్రోగ్రామ్ నడిపి చూపించాలి, అడిగిన చోట మార్చి చూపించాలి. నేను బస్సుల మీద చేశాను. మాది కూచిపూడి దాటాక లోపలికి ఉన్న ఊరు. సెలవొస్తే విజయవాడ బస్టాండులో బస్సు బోర్డులన్నీ చదువుతూ తిరగడం నాకు ఇష్టం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఏయే ఊళ్ల మీదుగా వెళ్లాలో ఆ ప్రోగ్రామ్ చెబుతుంది. ఊళ్ల జాబితా ఒక ఫైల్లో, దారి వెతికేది ఇంకో ఫైల్లో, తెరమీద చూపించేది మరో ఫైల్లో, ఇలా ఏడు ఫైళ్లు. పేరు చివర చుక్క, సి అక్షరం ఉంటే అది సి ప్రోగ్రామ్ ఫైలని గుర్తు. మొదటి ఫైలు మిగతా ఆరింటినీ పేరుపెట్టి పిలుచుకుంటుంది. నెలంతా దాని మీదే కూర్చున్నాను.

ఆ పరీక్ష మీదే నా సంవత్సరం ఆధారపడి ఉంది. ఇంటర్ తర్వాత పచ్చకామెర్లతో అప్పటికే ఒక సంవత్సరం పోగొట్టుకున్నవాణ్ణి. మా కాలేజీలో ల్యాబ్ తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే, అంతవరకూ హాస్టల్లో సీటు కూడా ఉండదు. నా కోసం మా అన్నయ్య చదువు మానేసి పొలంలో దిగాడు. "ఈ నాలుగేళ్లూ గట్టెక్కించు, తర్వాత సంగతి నేను చూసుకుంటా," అని బస్సెక్కించేటప్పుడల్లా అనేవాడు. ఇంకో సంవత్సరం పోయిందని వాడి ముందు నిలబడి చెప్పడం నావల్ల అయ్యే పని కాదు.

పరీక్షకు ముందురోజు ల్యాబ్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. మర్నాడు ఎవరి మెషిన్ ఎవరికి పడుతుందో తెలియదు గనుక, ప్రతి ఒక్కరూ తమ ప్రోగ్రాములు ఫ్లాపీలోకి ఎక్కించుకుని, మెషిన్‌లో ఉన్న సి ఫైళ్లు చెరిపేసి వెళ్లాలి. పరీక్ష రోజు ఉదయం అటెండర్ కోటేశ్వరరావు వరసగా అన్ని మెషిన్లలో విద్యార్థుల ఫైళ్లుండే డైరెక్టరీని ఊడ్చేస్తాడు, అందులో ఏదున్నా పోతుంది. ఆ తర్వాత ఎగ్జామినర్ వచ్చేదాకా విద్యార్థులెవరూ లోపల అడుగు పెట్టకూడదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్‌లు కీచుకీచుమనడం మొదలుపెట్టాయి. ఆ కీచులు ఆగేలోపల పని ముగించాలి. ఫ్లాపీ పెట్టాను, నల్లటి తెర మీద కాపీ కమాండ్ కొట్టాను. నా ఏడు ఫైళ్ల పేర్లూ ఒకదాని కింద ఒకటి గబగబా పడ్డాయి. హమ్మయ్య అనుకుని, చెరిపే కమాండ్ కొట్టి, ఫ్లాపీ జేబులో వేసుకుని బయటపడ్డాను. ఎంటర్ కొట్టే ముందు ఏమొస్తుందో అనుకోలేదు. మేడమ్ ఆ సమయానికి అటు చివర ఇంకెవరి వెనకో ఉన్నారు.

మర్నాడు పరీక్ష మధ్యాహ్నం. పొద్దున్నే నా రూమ్మేట్ భాస్కర్, నేనూ గవర్నరుపేటలో వాళ్ల బాబాయి డీటీపీ సెంటర్‌కి వెళ్లాం. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కంప్యూటర్‌లో కూర్చే కొట్టు అది. ప్రోగ్రామ్ ప్రింటు తీసి ఎగ్జామినర్‌కి ఇస్తే బాగుంటుందని మా ఆలోచన. ఫ్లాపీ పెట్టి, అందులో ఏముందో చూపించమని కమాండ్ కొట్టాను. ఫ్లాపీ దీపం వెలిగింది, డ్రైవ్ కరకరమంది, తర్వాత తెరమీద ఒక్క ముక్కే నా కంట పడింది. ఫైలు కనబడలేదని.

ఫ్లాపీ తీసి ఊది మళ్లీ పెట్టాను. అదే ముక్క.

"వైరస్ అయ్యుంటుందిరా," అన్నాడు భాస్కర్.

"సిటీ బస్సులో స్పీకర్ పక్కన కూర్చున్నారా? దాని అయస్కాంతం ఫ్లాపీలో ఉన్నదంతా లాగేస్తుంది బాబూ," అన్నారు వాళ్ల బాబాయిగారు, చాలా చూసినవాడిలా.

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు కూడా. బాబాయిగారు కుర్చీ లాగి కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆ టీ చల్లారుతుండగా, ఎందుకో తెరమీద మిగిలిన వాక్యం కూడా చదివాను. ఫ్లాపీలో ఎంత ఖాళీ ఉందో చెప్పే వాక్యం. మొత్తం ఖాళీ. అప్పుడు నా బుర్రలో నస్రీన్ మేడమ్ గొంతు మొదలైంది. పాడైన ఫ్లాపీ అయితే ఏమొస్తుంది? చదవలేకపోతున్నానంటుంది, మళ్లీ ప్రయత్నించనా, మానుకోనా అని అడుగుతుంది. ఇది అలా అడగలేదు. చక్కగా చదివింది, ఏమీ లేదంది. అంటే ఫ్లాపీ బాగానే ఉంది. అంటే పోయిందేమీ లేదు, అసలు ఎక్కలేదు.

ఎక్కలేదు. నిన్న కాపీ చేసేటప్పుడు డ్రైవ్ కరకరమందా? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. యూపీఎస్‌ల కీచులు గుర్తున్నాయి. కరకర గుర్తు లేదు. దీపం వెలిగినట్టూ గుర్తు లేదు.

"బాబాయిగారూ, మీ మెషిన్‌లో ఏవైనా పనికిరాని ఫైళ్లు రెండు మూడు ఉంటే ఇవ్వరా," అన్నాను. పాత శుభలేఖ, కరపత్రాలవి చూపించారు. ఆలోచించకుండా, నిన్న చెయ్యి ఎలా కదిలిందో అలాగే కదలనిచ్చాను. నక్షత్రం పెట్టి, అన్ని ఫైళ్లూ అని చెప్పి, చివర ఎ అని కొట్టి, ఎంటర్. ఫైళ్ల పేర్లు గబగబా పడ్డాయి, నిన్నటి లాగే. ఫ్లాపీ దీపం వెలగలేదు. పేర్ల కింద ఒక వాక్యం ఉంది. ఒక ఫైలు కాపీ అయిందని. పేర్లు మూడు, కాపీ అయింది ఒకటి.

నేను కొట్టిన లైను వైపు చూశాను. నిన్న నేను కొట్టింది ఇదీ:

copy *.c a

కొట్టాల్సింది ఇదీ:

copy *.c a:

చివర రెండు చుక్కలు లేవు. కోలన్ లేదు.

తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఎ పక్కన కోలన్ ఉంటేనే అది ఫ్లాపీ డ్రైవు. కోలన్ లేకపోతే ఎ అనేది ఉత్త పేరు, ఏ ఫైలుకైనా పెట్టుకోదగ్గ పేరు. ఆ పేరుతో ఫైలు లేదు గనుక కొత్తగా ఒకటి తెరిచింది. చాలా ఫైళ్లను ఒకే ఫైలులోకి పొమ్మంటే ఏం చెయ్యాలి? ఒకదాని చివర ఇంకొకటి అతికించుకుంటూ పోయి, అన్నింటినీ కలిపి ఒక్క ఫైలు చేస్తుంది. తప్పని చెప్పదు, ఎందుకంటే అది తప్పు కాదు. అలా కలపమని అడిగేవాళ్లు కూడా ఉంటారు. నేను చెప్పింది చేసింది, నేనేం చెప్పానో నాకే తెలియలేదు.

బాబాయిగారి మెషిన్‌లో ఎ అనే ఫైలు తెరిచి చూశాను. పెళ్లి శుభలేఖ, దాని కింద చీరల దుకాణం కరపత్రం, దాని కింద ఇంకేదో, అన్నీ వరసగా ఉన్నాయి. అప్పుడు వెలిగింది. ల్యాబ్‌లో నేను చెరిపింది చివర సి ఉన్న ఫైళ్లనే. ఎ అనే ఫైలుకి చివర ఏమీ లేదు, అది బతికే ఉండాలి. నెల రోజుల పని మొత్తం ఆ మెషిన్‌లో, ఒకే ఒక్క అక్షరం పేరుతో కూర్చుని ఉంది.

కోటేశ్వరరావు ఊడ్చెయ్యకుండా ఉంటే.

భాస్కర్ బాబాయిగారు స్కూటర్ తీశారు. ఏలూరు రోడ్డు మీద ఆయన అంత నెమ్మదిగా ఎందుకు నడుపుతున్నారో అర్థం కాక, వెనక కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. కాలేజీలో దిగి, మెట్లెక్కి, ల్యాబ్ గుమ్మం ముందు చెప్పులు విడుస్తుండగానే లోపల కోటేశ్వరరావు కనిపించాడు. మొదటి రెండు వరసలు అయిపోయాయి. మూడో వరసలో కూర్చుంటున్నాడు. నా మెషిన్ చివరి వరసలో ఉంది.

"మేడమ్, ఆపమనండి," అన్నాను. వగర్పుతో మాట సరిగ్గా రాలేదు.

నస్రీన్ మేడమ్ బల్ల దగ్గర హాల్ టికెట్ల నంబర్లు చూసుకుంటున్నారు. తలెత్తి నన్ను చూసి, కోటేశ్వరరావుని చేత్తో ఆపి, గుమ్మం దగ్గరికి వచ్చారు. జరిగింది చెప్పాను. మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అంతా అయ్యాక, "ఎ అనే ఫైలు ఉందని ఎలా తెలుసు నీకు?" అన్నారు.

"అదే పని ఇంకోచోట చేసి చూశాను మేడమ్. ఇక్కడా అలాగే అయ్యుండాలి."

కళ్లజోడు పైకి తోసుకున్నారు. వెనక్కి తిరిగి చివరి వరస వైపు చూశారు. ఆ కాసేపట్లో నా సంవత్సరం, మా అన్నయ్య, హాస్టల్ మంచం, అన్నీ కళ్లముందు తిరిగాయి.

"పరీక్ష రోజు స్టూడెంట్‌ని లోపలికి రానివ్వకూడదు. రానివ్వను," అన్నారు. నా మొహం చూసి, "నువ్వు గుమ్మం బయటే ఉండు. నీ మెషిన్ దగ్గర నేను కూర్చుంటాను. నువ్వు చెప్పు, నేను కొడతాను. నువ్వు చెప్పిందే కొడతాను, చెప్పంది కొట్టను," అన్నారు.

ఫ్లాపీని కోటేశ్వరరావు చేత లోపలికి పంపాను. మొదట అది ఖాళీగా ఉందని మేడమ్ అతనికి కూడా చూపించారు, బయటి నుంచి నేనేమీ తేలేదనడానికి సాక్ష్యంగా. నాకు అక్కణ్ణించి తెర కనబడదు. మానిటర్ల వీపులు మాత్రమే కనిపిస్తున్నాయి, వాటి మధ్య మేడమ్ తల. నేను డైరెక్టరీ పేరు చెప్పాను, అందులో ఏమున్నాయో చూపించే కమాండ్ చెప్పాను. ఆవిడ తెరమీద వచ్చింది బయటికి చదివారు. ఇంకెవరివో ఒకటి రెండు పేర్లు వచ్చాయి. తర్వాత, "ఎ. పక్కన ఏమీ లేదు. తేదీ నిన్నటిది," అన్నారు. గొంతులో మార్పేమీ లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఫ్లాపీలోకి కాపీ చెయ్యాలి మేడమ్."

"ఏం చెయ్యాలో కాదు, ఏం కొట్టాలో చెప్పు."

"కాపీ. స్పేస్. ఎ. స్పేస్. ఎ."

కీల చప్పుడు వినిపించి ఆగిపోయింది. ఎంటర్ చప్పుడు రాలేదు. ఆవిడ తల కదల్లేదు. కోటేశ్వరరావు నా వైపు చూశాడు, మేడమ్ వైపు చూశాడు. నేను, ఇంకా ఎంటర్ ఎందుకు కొట్టరు, ఎగ్జామినర్ వచ్చేస్తాడు కదా, ఏమైంది ఈవిడకి అని లోపల్లోపల తిట్టుకుంటున్నాను. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. వరండాలో ఎవరో నడిచి వెళ్లారు. ఫ్యాను తిరుగుతోంది.

"కొడితే ఏమొస్తుంది?" అన్నారు ఆవిడ చివరికి.

నోరు తెరిచాను. ఎ అనే ఫైలుని ఎ అనే ఫైలులోకి. తనని తన మీదే కాపీ చేసుకోలేనని అంటుంది. పొద్దున అంత కష్టపడి కనుక్కున్నదాన్ని మళ్లీ అలాగే వదిలేశాను.

"కోలన్," అన్నాను. "చివర కోలన్ మేడమ్. ఫ్లాపీ దీపం వెలగాలి. చప్పుడు రావాలి. ఒక ఫైలు కాపీ అయిందని రావాలి."

ఒక కీ చప్పుడు. తర్వాత ఎంటర్. గుమ్మం దాకా వినిపించింది ఆ కరకర. అంత మంచి సంగీతం నేను ఇంతవరకూ వినలేదు. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఫ్లాపీ తీసి, పక్క మెషిన్‌లో పెట్టించి, అక్కడ కూడా తెరుచుకుంటోందని చూశాక, కోటేశ్వరరావుకి ఊడ్చే పని కానియ్యమని చెప్పారు. ఫ్లాపీ నాకు ఇవ్వలేదు. తన బల్ల మీదే అందరికీ కనబడేలా పెట్టుకున్నారు.

ఎగ్జామినర్ గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన కూర్చోగానే, మా అందరి ముందూ, దాచకుండా ఉదయం జరిగింది జరిగినట్టు మేడమ్ చెప్పారు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనిపించింది నాకు.

"అయితే మీరు సాయం చేశారన్నమాట," అన్నాడాయన.

"టైపు కొట్టానండి. మాటలన్నీ అబ్బాయివే. తప్పనిపిస్తే అది నా మీదే రాసుకోండి, అబ్బాయిని పరీక్ష రాయనివ్వండి."

ఆయన ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీన్ని బాగుచేసుకునే టైము కూడా అతని పరీక్ష టైములోదే. అదనంగా ఇవ్వను," అన్నాడు.

అలా ఏడు ఫైళ్లు కలిసిపోయిన ఆ ఒక్క ఫైలుతో కూర్చున్నాను. మళ్లీ ఏడుగా విడగొట్టే టైము లేదు. ఒక్కటిగానే నడపాలనుకున్నాను. మొదటి ఫైలు మిగతా ఆరింటినీ పిలుస్తుంది కదా, అవి ఇప్పుడు విడిగా లేవు, కనబడటం లేదని మొరాయిస్తుంది. ఆ ఆరు లైన్లూ తీసేశాను. ఊళ్ల వివరాలు ఎలా దాచాలో చెప్పే భాగం కిందెక్కడో పడింది, వాడుకునే భాగాలు పైన ఉన్నాయి. దాన్ని బ్లాక్‌గా పట్టి అన్నింటికంటే పైకి తెచ్చాను. అయినా ఒక తప్పు మిగిలింది. ఒక ఫైలు చివర నేను ఎంటర్ కొట్టకుండా వదిలేసినట్టున్నాను, దాని ఆఖరి బ్రాకెట్టుకి తర్వాతి ఫైలు మొదటి లైను అతుక్కుపోయింది. రెంటి మధ్యా కర్సర్ పెట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టి, ఇది కొడితే ఏమొస్తుందో నాలో నేను చెప్పుకున్నాను. కొట్టాను. అనుకున్నదే వచ్చింది.

ఎగ్జామినర్ నా వెనక్కి వచ్చి, "విజయవాడ నుంచి కూచిపూడి," అన్నాడు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి అని తెరమీద పడ్డాయి. మధ్యలో ఇంకో ఊరు చేర్చమన్నాడు, చేర్చాను. తల ఊపి ముందుకి వెళ్లిపోయాడు. మార్కులు గొప్పగా రాలేదు గాని గట్టెక్కాను. సాయంత్రం మేడమ్‌కి థాంక్స్ చెబుదామని వెళితే, "కోలన్ మర్చిపోవడం పెద్ద విషయం కాదు శేషగిరీ, అందరం మర్చిపోతాం. ఒక ఫైలు కాపీ అయింది అని అది చెబితే నువ్వు వినలేదు. అది విను," అని తాళాలు తీసుకుని బస్సు టైమైందని వెళ్లిపోయారు.

తర్వాత ఉద్యోగాలు, పెళ్లి, తిరుగుళ్లు అయ్యాక మళ్లీ విజయవాడ చేరి ఈ ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో కుదురుకున్నాను. ఆవిడ రిటైరయ్యారని విన్నాను, చూడటానికి వెళ్లాలనుకుంటూనే కాలం గడిపేశాను. ఒకరోజు మా ఆసుపత్రిలోనే, నరాల వార్డు నుంచి ఇంటికి పంపిస్తున్న రోగుల పేర్లలో ఆవిడ పేరు కనిపించింది. పక్షవాతం. ఆ ఆదివారం వన్‌టౌన్‌లో వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లాను.

మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే గుర్తుపట్టారని కళ్లలో తెలిసింది. నోరు తెరిచారు, మాట రాలేదు. మనసులో అంతా స్పష్టంగానే ఉందట, పదమే దొరకదట. చెల్లెలు పాపం ఎంతో ప్రేమగల మనిషి. "నీళ్లు కావాలా అక్కా? ఫ్యాను పెంచనా? మందు టైమైందా?" అని ఒకదాని తర్వాత ఒకటి అందిస్తున్నారు. మేడమ్ కాదు కాదని తల ఊపి, విసుగొచ్చి, కళ్లు మూసుకుని నోరు మూసేసుకున్నారు. వచ్చినవాళ్లంతా ఇలాగే చేస్తారని, ఆఖరికి ఆవిడ మాట్లాడటమే మానేస్తున్నారని చెల్లెలు చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

"మనం ఏమీ అందించొద్దమ్మా. ఆవిడే చెబుతారు," అన్నాను.

కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. మేడమ్ కళ్లు తెరిచి నన్ను చూశారు. మళ్లీ మొదలుపెట్టారు. పెదవులు కూడుకుంటాయి, ఒక శబ్దం వస్తుంది, తెగిపోతుంది. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది, గోడ మీద వాళ్ల నాన్నగారి నాటి గడియారం కొట్టుకుంటోంది. ఆవిడ ఏమనబోతున్నారో నాకు అర్థమైపోయింది. అర్థమయ్యాక ఊరుకోవడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. ఆ మాట నా నాలుక చివర ఉంది. అందిస్తే ఆవిడ అవస్థ ఆ క్షణంలోనే తీరిపోతుంది, నాదీ తీరిపోతుంది. చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు ల్యాబ్‌లో తెలిసిన ఒక్క కీ కొట్టకుండా ఆవిడ ఎలా కూర్చోగలిగారో, తన కళ్లముందు ఒక పిల్లవాడి సంవత్సరం పోతుంటే ఎలా ఓర్చుకున్నారో, నాకు అప్పుడు తెలిసింది.

"భో... భోంచేసి... వెళ్లు," అన్నారు నస్రీన్ మేడమ్.

చెల్లెలు వంటింట్లోకి పరుగెత్తారు. మేడమ్ మొహంలో అలసట, దాని వెనక గెలిచిన మనిషి గర్వం కనిపించాయి. నేను తల వంచుకుని తిన్నాను, మెతుకులు సరిగ్గా కనబడలేదు. ఆ తర్వాత ఆవిడ ఉన్నంతకాలం ప్రతి ఆదివారం వెళ్లాను. కొన్ని ఆదివారాలు రెండు వాక్యాలే పూర్తయ్యేవి. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు తెర ముందు తడబడుతుంటే, జవాబు తెలిసినా నేను చెయ్యి చాచను. వాళ్లు నన్ను లోపల్లోపల తిట్టుకుంటూ ఉంటారని తెలుసు. తిట్టుకోనిచ్చి, వెనక నిలబడి ఉంటాను.